తొలి జీతం ఫొటో కింద నాలుగు మాటలు

జులై మొదటివారంలో ఒకరోజు రాత్రి పది దాటాక మా మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, జీతం పడింది" అంది. గొంతులో సంతోషం ఆగడం లేదు. ఆ పిల్ల తండ్రి, మా బావగారు, తెనాలిలో దర్జీ. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే కొట్టు, ఒకే కుట్టుమిషను. పిల్ల ఇంటర్ బైపీసీ చదివి, తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, జూన్ 10న గుంటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చేరింది. వాళ్లింట్లో నెలజీతం అనే మాట వినబడడం అదే మొదలు.

కబుర్లన్నీ అయ్యాక అసలు పని చెప్పింది. "ఫ్యామిలీ గ్రూపులోనూ, మా ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులోనూ ఫొటో పెడదామనుకుంటున్నా. కింద రాసింది నీకు పంపుతున్నా, ఒకసారి చూడు. గొప్పలు పోయినట్టు ఉండకూడదు. అలాగని ఏమీ లేనట్టూ ఉండకూడదు."

పత్రికల్లో ఫొటోల కింద వ్యాఖ్యలు రాయడం నేను చాలా ఏళ్లు చేసిన పని. అయినా ఆ రాత్రి ఆ పిల్ల అడిగినంత కష్టమైనది నాకెవరూ ఇవ్వలేదు. పత్రికలో ఫొటో చూసేవాళ్లు మనకు తెలియనివాళ్లు. ఇక్కడ చూసే ప్రతి ఒక్కరూ తెలిసినవాళ్లే. ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్క, ఒక్కొక్క జ్ఞాపకం ఉంటాయి.

తను పంపింది ఇది: "ఫైనల్లీ! ఫస్ట్ శాలరీ! చాలా చిన్నదే, కానీ నా కష్టార్జితం. నన్ను నమ్మనివాళ్లందరికీ ఇదే నా జవాబు. ఫీలింగ్ బ్లెస్డ్." ఫొటో ఏమో బ్యాంకు నుంచి వచ్చిన ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్.

అందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. ప్రతిదీ తనకు నిజంగా అనిపించిందే. కానీ గ్రూపులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ దాన్ని ఎలా చదువుతారో చూద్దాం అన్నాను. ఇద్దరం వరసగా పేర్లు చెప్పుకుంటూ చదివాం.

ముందు "చాలా చిన్నదే". వినయంగా ఉంటుందని రాసిన మాట ఇది. ఆ గ్రూపులో వాళ్ల పెద్దనాన్న కొడుకు ఉన్నాడు. బట్టల కొట్టులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు, నెలకు పదకొండు వేలు. ఈ పిల్లకు ఒప్పుకున్న జీతం పద్దెనిమిది వేలు. చెల్లెలు తన పద్దెనిమిది వేలను చాలా చిన్నది అంటే, తన పదకొండు వేలను ఏమనుకోవాలి అతను? జీతాన్ని తగ్గించి చెప్పినప్పుడు తగ్గేది మనం కాదు, అంతకంటే తక్కువ తెచ్చుకునేవాళ్లు. ఈ సంగతి చెప్పగానే పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. "అన్నయ్య మొదటి జీతంతో నాకు గాజులు తెచ్చాడు మామయ్యా" అంది చివరికి.

"నా కష్టార్జితం" కూడా అలాంటిదే. ఆ మాటకు మన భాషలో ఒక మర్యాద ఉంది. ఒకరి సంపాదన గురించి పక్కవాళ్లు అంటే నిండుగా ఉంటుంది. ఎవరికి వాళ్లు అనుకుంటే, ముఖ్యంగా రోజుకు పన్నెండు గంటలు మిషను తొక్కే తండ్రి కూడా చదివేచోట, నిలవదు.

ఇక "నన్ను నమ్మనివాళ్లందరికీ". ఎవరు వాళ్లు అని అడిగాను. ఎవరూ లేరట. సినిమాల్లో, రీల్స్‌లో అలాగే అంటారు కాబట్టి రాసింది. కానీ రెండేళ్ల కిందట వాళ్ల పెద్దనాన్న "ఆ డిప్లొమా ఎందుకమ్మా, డిగ్రీలో చేరు" అన్నాడు. అన్నమాట ఆయనకు గుర్తుంటుంది. డిప్లొమా మొదటి సంవత్సరం ఫీజులో సగం కట్టింది కూడా ఆయనే. ఈ వాక్యం చదివితే అది తనకే అనుకుంటాడు. పేరు పెట్టకుండా విసిరిన మాట ఎవరికి తగులుతుందో విసిరినవాళ్ల చేతిలో ఉండదు.

"ఫీలింగ్ బ్లెస్డ్" గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దీవించినవాళ్లు అదే గ్రూపులో ఉన్నారు. వాళ్ల పేరు చెప్పొచ్చు కదా.

ఇదంతా విని పిల్ల నీరుగారిపోయింది. "పోనీలే మామయ్యా, అసలు పెట్టను. ఎవరికీ ఏ గొడవా ఉండదు" అంది. అప్పుడు నేను చదివిన రెండు మూడు సంగతులు చెప్పాల్సి వచ్చింది.

మన గొప్ప మనం చెప్పుకున్నప్పుడు ఎదుటివాళ్లు ఏమనుకుంటారన్నది మనస్తత్వ పరిశోధకులు కొలిచి చూశారు. ఇరీన్ స్కోపెల్లిటి, మరో ఇద్దరు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చెప్పుకునేవాళ్లు ఎదుటివాళ్ల సంతోషాన్ని ఎక్కువగా, చిరాకును తక్కువగా అంచనా వేసుకుంటారు. నా ఆనందమే వాళ్లకూ ఉంటుందనుకోవడం మనిషి సహజం. సరే, గొప్పను కాస్త వినయంలో చుట్టి చెబితే? ఓవుల్ సెజెర్ అనే పరిశోధకురాలు ఇద్దరు సహచరులతో కలిసి 2018లో సరిగ్గా దాన్నే పరీక్షించింది. ఇలా చుట్టి చెప్పడం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి ఫిర్యాదు చేస్తున్నట్టు: "ఇంత జీతం వస్తే ఏం చేసుకోవాలో తెలియక తల పట్టుకున్నా". రెండోది తనను తగ్గించుకుంటున్నట్టు: "నాలాంటిదానికి ఉద్యోగం ఎలా ఇచ్చారో ఏమో". తేలిందేమిటంటే, నేరుగా గొప్ప చెప్పుకున్నవాళ్ల మీద ఉన్నంత ఇష్టం కూడా ఈ రెండు రకాలవాళ్ల మీద కలగలేదు. మాటలో నిజాయితీ లేదని వినేవాళ్లకు తెలిసిపోతుంది. "చాలా చిన్నదే, కానీ" అన్న వాక్యం రెండో రకానికి దగ్గర చుట్టం.

అయితే నోరు మూసుకుని ఊరుకోవడం మేలా? అదీ కాదు. అదే సెజెర్ మరో ఇద్దరితో కలిసి 2021లో, విజయాన్ని దాచిపెట్టడం గురించి పరిశోధన చేసింది. దాచారని తర్వాత తెలిస్తే దగ్గరివాళ్లు నొచ్చుకుంటారు. "చెబితే నేను కుళ్లుకుంటాననుకుందా" అని బాధపడతారు. మన ఇళ్లలో ఇది చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఉద్యోగం వచ్చిన సంగతి మూడోవాళ్ల ద్వారా తెలిసిన మేనత్త ఎన్నేళ్లు ఆ మాట అంటుందో అందరం చూసినవాళ్లమే.

కాబట్టి చెప్పాలి, నేరుగా చెప్పాలి. వినయం మాటలో చూపించడం కంటే ఏం చెబుతున్నామో అందులో ఉంటే మంచిది. అంటే ఆ డబ్బు ఇంతవరకు రావడానికి ఏ దారిన వచ్చిందో, ఇప్పుడు ఎటు వెళుతోందో చెప్పడం. ఈ రెండూ ఉంటే జీతం ఎంతో చెప్పనక్కర్లేదు, చిన్నదనో పెద్దదనో అననక్కర్లేదు.

ముందు ఫొటో మార్చాం. ఫొటో సరిగ్గా లేకపోతే కింద రాసింది దాన్ని కాపాడలేదు. బ్యాంకు ఎస్సెమ్మెస్‌లో పడిన మొత్తం, ఖాతా చివరి అంకెలు, చాలాసార్లు మిగిలిన బ్యాలెన్సు ఉంటాయి. అది చూసినవాళ్లు కింద రాసిన మాట చదవరు, అంకె చదువుతారు. అంకె చూసినచోట పోలిక మొదలవుతుంది. మా పిల్ల విషయంలో ఆ అంకె నిజం కూడా చెప్పదు. పద్దెనిమిది వేల జీతం. జూన్ 10న చేరింది కాబట్టి ఆ నెల పనిచేసినట్టు లెక్క 21 రోజులు, అంటే 12,600. అందులో మూలవేతనం వాటా 8,400 మీద పన్నెండు శాతం భవిష్యనిధికి 1,008, ఇ.ఎస్.ఐ.కి 95 రూపాయలు పోయి చేతికొచ్చింది 11,497. ఈ లెక్కంతా ఫొటో కింద రాయలేం. రాయకపోతే "పద్దెనిమిది అన్నారు, పదకొండే వచ్చిందేం?" అని ఊళ్లో రెండు రోజులు నడుస్తుంది. మొదటి నెల జీతం చాలామందికి ఇలా తెగిపోయిన నెలదే అయ్యుంటుంది.

కొందరు ఏకంగా జీతం చీటీ ఫొటో పెడతారు. అది ఇంకా ప్రమాదం. దానిమీద బ్యాంకు ఖాతా నంబరు, పాన్ నంబరు, భవిష్యనిధి తాలూకు పన్నెండంకెల యూఏఎన్, ఉద్యోగి నంబరు ఉంటాయి. ఫోన్‌లో ఉన్న మార్కర్‌తో వాటిమీద గీసి దాచామనుకుంటారు. కొన్ని ఫోన్లలో ఆ గీత పలచగా ఉంటుంది. ఫొటో వెలుతురు పెంచితే కింద అంకెలు బయటపడతాయి. కొట్టేయాల్సిన అంకెలు ఉన్న ఫొటోను పెట్టకపోవడమే మంచిది.

మరి ఏ ఫొటో? "ఆ డబ్బుతో ఏం కొన్నావు?" అని అడిగాను. అమ్మకు 1,150 రూపాయల చీర. నాన్నకు దర్జీలు గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర. ఆయన పాత కత్తెర పిడి ఒరుసుకుపోతే గుడ్డపీలిక చుట్టుకుని పదేళ్లుగా వాడుతున్నారు. ఎన్నిసార్లు సానపెట్టించినా మందం గుడ్డ దగ్గర నములుతోందట. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు ఇద్దామని కొని పెట్టింది.

ఫొటో అక్కడే ఉంది. కత్తిరింపు బల్ల మీద పీలిక చుట్టిన పాత కత్తెర, పక్కనే కొత్తది. వెనక కొత్త చీర మడత మీద అమ్మ చెయ్యి. ముఖాలు కూడా అక్కర్లేదు. ఆ ఇంటిని తెలిసినవాళ్లెవరికైనా పాత కత్తెర చూడగానే సంగతి మొత్తం అర్థమవుతుంది. ఇక కింద మాటలు ఆ కత్తెర కథ చెప్పే పని లేదు. ఫొటో చెప్పేసింది మళ్లీ చెప్పకూడదన్నది మా పనిలో మొదటిరోజు నేర్పేది. ఫొటోలో కనబడనిది ఒక్కటే, అది మొదటి జీతం అన్న సంగతి. దాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. ఫోన్ తెర మీద ముందుగా కనబడేది మొదటి నాలుగైదు మాటలే. తెలుగు అక్షరాలకు జాగా ఎక్కువ పడుతుంది. "ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ఆ రోజు" అంటూ మొదలుపెడితే, ఏ రోజో తెలిసేలోపు తెర అయిపోతుంది.

ఆ తర్వాత మాటల దగ్గర కూచున్నాం. ఇక్కడ మన భాష మనకు ఒక వరం ఇచ్చింది. "మా" వేరు, "మన" వేరు. "మా ఇంటికి మొదటి జీతం వచ్చింది" అంటే వింటున్న పెద్దనాన్న బయట నిలబడ్డట్టు. "మన ఇంటికి" అంటే ఆయన కూడా లోపలే. ఫీజు కట్టిన మనిషిని లోపలికి తీసుకురావడానికి ఒక్క అక్షరం మార్పు చాలు. "నా" అన్న మాటను మాత్రం ఒకచోట ఉంచమన్నాను. సంపాదించింది ఆ పిల్లే. తెల్లవారుజామున ఐదున్నరకు బస్సెక్కి వెళ్లింది, సూది చూసి ఏడ్చే పసివాళ్ల నరం వెతికి పట్టుకుంది తనే. ఆ గర్వం ఆమెకు హక్కు. కనుక "ఇవాళ మన ఇంటికి నా మొదటి జీతం వచ్చింది." అందులో ఇల్లూ ఉంది, తనూ ఉంది.

క్రియ కూడా చూసుకోవాలి. "నాన్నకు కత్తెర కొనిచ్చాను" అంటే ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది. పెద్దవాళ్ల విషయంలో మనవాళ్ల చెవికి అది ఎక్కడో కలుక్కుమంటుంది. "కొనిపెట్టాను" కొంత నయం. "తెచ్చాను" అంటే ఊరినుంచి పిల్ల సంచీ పట్టుకుని ఇంట్లోకి వచ్చిన బొమ్మ కనబడుతుంది. ఆ పిల్ల నిజంగా చేసింది అదే. అందుకని తెచ్చాను అన్నదే ఉంచాం.

తర్వాత కృతజ్ఞత. "నన్ను ఇంతదాన్ని చేసిన అందరికీ" అని రాయబోయింది. అందరికీ అన్నది ఎవరికీ అందదు. ఎవరు ఏం చేశారో చెప్పమన్నాను. డిప్లొమా చదివిన రెండేళ్లూ గుంటూరులో పిన్ని ఇంట్లో ఉంది. పిన్ని రోజూ ఉదయం ఐదింటికి లేచి క్యారేజీ కట్టింది. పెద్దనాన్న ఫీజు కట్టాడు. నాయనమ్మ తన వృద్ధాప్య పింఛనులోంచి బస్సు పాసుకు డబ్బులిచ్చింది. ఇవన్నీ రాసింది. చదివితే నాకు కళ్లు చెమర్చాయి. అయినా, "నాన్నకు ఒకసారి చూపించు" అన్నాను.

ఎందుకంటే ఇందులో ఇంటి అవసరాలు ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర చెయ్యి చాచారో ఉంది. చెప్పే పిల్లకు అది కృతజ్ఞత. కానీ పదిమందిలో చదివే తండ్రికి అది తన చేతకానితనంలా వినబడొచ్చు. "మా నాన్న రాత్రీపగలూ కష్టపడి" అంటూ పిల్లలు ప్రేమతో రాసేవి కొన్ని తండ్రులకు ముల్లులా గుచ్చుకుంటాయి. తన కష్టం నలుగురిలో పెట్టాలా వద్దా అన్నది కష్టపడిన మనిషే చెప్పాలి.

మా బావగారు చదివి, పిల్లతో ఇలా అన్నారట: "పిన్ని క్యారేజీ సంగతి ఉంచమ్మా, అది తనకు సంతోషం. నాయనమ్మ సంగతీ ఉంచు. అన్నయ్య కట్టిన డబ్బు మాత్రం గ్రూపులో వద్దు. అది నాకూ వాడికీ మధ్యది. నువ్వు ఫోన్ చేసి చెప్పు." నాకు తోచనిది ఆయనకు తోచింది. డబ్బు సాయం చేసినవాళ్లకు నలుగురిలో చెప్పే థాంక్స్ కంటే విడిగా వచ్చిన ఫోన్ ఎక్కువ అందుతుంది. అందులో ఎవరి పరువూ బయటపడదు.

అలా ఒక వరస కుదిరింది. ముందు ఫోన్లు. నాయనమ్మకు, పెద్దనాన్నకు, పిన్నికి, మేనత్తకు. ఆ తర్వాతే ఫొటో. పెద్దవాళ్లకు గ్రూపులో చూసి తెలియడం వేరు, పిల్ల గొంతులో వినడం వేరు. స్టేటస్‌లో పెడితే ఇంకా చిక్కు. సెట్టింగులు మార్చుకోకపోతే ఫోన్‌లో పేరున్న చాలామందికి, పనిచేసేచోట పై అధికారితో సహా, అది కనబడుతుంది. ఇంటివాళ్ల కోసం రాసిన మాటను వాళ్లు చదవాల్సిన పని లేదు. స్టేటస్ వద్దనుకుంది పిల్ల.

ఇంతా చేసి ఫ్యామిలీ గ్రూపుకు తయారైంది ఇది:

"ఇవాళ మన ఇంటికి నా మొదటి జీతం వచ్చింది. నాన్నకు కత్తెర, అమ్మకు చీర తెచ్చాను. రెండేళ్లు ఐదింటికే లేచి నాకు క్యారేజీ కట్టిన పిన్నికి, తన పింఛను డబ్బుల్లోంచి బస్సు పాసు తీయించిన నాయనమ్మకు, నన్ను చదివించిన పెద్దలందరికీ నమస్కారం."

"నన్ను చదివించిన పెద్దలందరికీ" అన్నచోట పెద్దనాన్న ఉన్నాడు. ఆయనకు తెలుసు, తెలియాల్సినవాళ్లకు తెలుసు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయడం పిల్లకు అలవాటు. కానీ ఇది తెలుగు అక్షరాల్లోనే టైపు చేసింది, నాయనమ్మ చదవగలిగేది అవే. చివర రెక్కలున్న నోట్ల కట్ట బొమ్మ పెట్టబోయి, మానేసి, రెండు చేతుల దండం పెట్టింది. ఆ నోట్ల బొమ్మ ఒక్కటి ఉంటే పైన రాసినదంతా మళ్లీ డబ్బు గురించే అయ్యేది.

ఫ్రెండ్స్ గ్రూపుకు ఇదే పంపితే సరిపోదు. వాళ్లకు ఆ ఇంటి కత్తెర తెలియదు. అక్కడి గొంతు వేరు, "ఏమే" "ఒసేయ్" అనుకునే చనువు. అక్కడి గాయాలు కూడా వేరు. ఆరుగురిలో ఒకమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంది. ఒకమ్మాయికి ఇంటర్ అవగానే పెళ్లయింది, చదువు ఆగిపోయింది. ఇంకో అమ్మాయి మెడిసిన్ సీటు కోసం మూడోసారి నీట్ రాసి కూచుంది. ఈ ముగ్గురూ ఒకేసారి చదివే మాట ఏది? మొదటి అమ్మాయికి ఇది చిన్న సంగతి, రెండో అమ్మాయికి తనకు దక్కనిది, మూడో అమ్మాయికి తను ఇంకా వెనకే ఉన్నానన్న గుర్తు.

ఇక్కడ "మన" అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. "మన బ్యాచ్ సాధించింది" అని రాస్తే చదువు ఆగిపోయిన అమ్మాయికి అది అబద్ధంలా ఉంటుంది. "మీకూ తొందరలోనే వస్తుంది" అన్నది ఇంకా కష్టం. అది పై మెట్టు మీద నిలబడి చెప్పే మాట. వాళ్లందరికీ నిజంగా ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, గడిచిన కాలం. అందులోంచి ఏదైనా తీయమన్నాను. ఆ పిల్ల వెంటనే నవ్వింది. ఇంటర్‌లో జువాలజీ ల్యాబ్‌లో బ్లడ్ గ్రూప్ చూసిన రోజు, వేలిమీద రక్తపుచుక్క చూసి కళ్లు తిరిగి పడిపోయిందట. నీళ్లు చల్లి లేపింది, ఇప్పుడు నీట్ రాస్తున్న అమ్మాయే.

"బ్లడ్ గ్రూప్ ప్రాక్టికల్ రోజు నేను పడిపోతే మీరంతా బెంచీ మీద పడుకోబెట్టారు, గుర్తుందా? ఇప్పుడు నేనే పొద్దున్నుంచి నలభైమందికి సూది గుచ్చి రక్తం తీస్తున్నా. నిన్న మొదటి జీతం వచ్చింది. ఆదివారం సాయంత్రం తెనాలిలో ఉంటా. మిరపకాయ బజ్జీలు నా ఖర్చు, ఎవరెవరు వస్తారో చెప్పండే."

ఇందులో ఆ పిల్ల తనను తను తగ్గించుకుంది కదా, పైన తప్పన్నారు కదా అనొచ్చు. తేడా ఉంది. అప్పుడు తగ్గించింది జీతాన్ని, ఆ తగ్గింపు పక్కవాళ్లకు తగిలింది. ఇప్పుడు చెప్పింది జరిగిన సంగతి, చూసిన సాక్షులు వాళ్లే. నలభైమందికి సూది గుచ్చుతున్నా అన్న మాటలో గర్వం నిండుగా ఉంది. కానీ అది పని గురించిన గర్వం. పని గురించి గర్వపడితే ఎవరి జీతంతోనూ పోలిక రాదు. బజ్జీలకు పిలవడం కూడా లెక్కప్రకారమే. చదివినవాళ్లకు జవాబివ్వడానికి తేలికైనది ఏదో ఒకటి ఉండాలి. ఏమనాలో తోచక అందరూ "కంగ్రాట్స్" అని ఒక ముక్క పడేసే బదులు, "నేనొస్తా" అనొచ్చు. హోటల్లో పెద్ద ట్రీట్ అంటే పెళ్లయిన అమ్మాయి ఇంట్లో అడిగి రావాలి. బజ్జీలకైతే పిల్లాణ్ని చంకనెత్తుకుని వచ్చేస్తుంది.

నీట్ రాస్తున్న అమ్మాయికి మాత్రం గ్రూపులో పెట్టకముందే విడిగా ఫోన్ చేసింది. ఉద్యోగం కబురు రెండు ముక్కల్లో చెప్పి, మిగతా అరగంటా మామూలు కబుర్లే చెప్పుకున్నారట.

ఇది చూస్తుంటే నా మొదటి జీతం గుర్తొచ్చింది. అప్పుడు ఫొటోలు లేవు, మనియార్డరు ఉండేది. ఫారం అడుగున కబురు రాసుకోవడానికి చిన్న జాగా ఉండేది. నాలుగైదు వాక్యాలకు మించి పట్టదు. ఆ ముక్కను పోస్ట్‌మ్యాన్ డబ్బుతోపాటు ఇంట్లో ఇచ్చేవాడు. మా అమ్మకు చదువు రాదు. కాబట్టి మా వీధి అరుగు మీద అతనే పైకి చదివేవాడు, ఇరుగుపొరుగు వినేవాళ్లు. ఆ సంగతి తెలుసు కాబట్టి నేను రాసింది ఇంతే: "అమ్మా, జీతం వచ్చింది. రెండు వందలు పంపుతున్నాను. నాన్న కళ్లజోడు మార్పించండి. నేను బాగున్నాను." జీతమెంతో రాయలేదు. డబ్బు ఎటు వెళ్లాలో రాశాను. జాగా లేక అలా కుదిరింది గానీ, ఇన్నేళ్ల తర్వాత మేనకోడలికి నేను చెప్పింది దాదాపు అదే.

ఫొటో పెట్టాక అడిగే ప్రశ్నలకు కూడా సిద్ధంగా ఉండాలి. "ఎంతమ్మా జీతం?" అని మనవాళ్లు అడుగుతారు. దాన్ని తప్పుపట్టకూడదు. అది ఆరా మాత్రమే కాదు, పిల్ల నిలదొక్కుకుందా లేదా అన్న ఆదుర్దా కూడా. గ్రూపులో అడిగితే "ఇది 21 రోజులదే పెద్దమ్మా, పూర్తి నెల వచ్చాక చెప్తా" అనమన్నాను. అది నిజం, చాలినంత జవాబు. విడిగా అడిగిన దగ్గరివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. పెట్టాక ఏదైనా తప్పు కనబడితే వాట్సాప్‌లో పదిహేను నిమిషాల లోపు దిద్దుకోవచ్చు. అందుకని పెట్టి వెంటనే ఫోన్ పక్కన పడేయకుండా ఒక్కసారి తనే పైకి చదువుకోమన్నాను. చదువుకుంటే పిన్నికి అన్న మాటలో క్యారేజీ "క్యారేజి" అయింది. దిద్దుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద రెండు కత్తెరలు పెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. కత్తెర చేతికి ఇవ్వకూడదని మా అక్క అంటే, పిల్ల దాన్ని బల్ల మీద పెట్టి నాన్నను తీసుకోమందట. పిన్ని వాయిస్ మెసేజ్ పంపింది, సగం ఏడుపే. బట్టల కొట్టు అన్నయ్య "చీర ఏ కొట్లో కొన్నావే, మా కొట్టుకు రావొద్దా" అని పెట్టాడు. పెద్దనాన్న రెండు గంటల దాకా ఏమీ అనలేదు. పిల్ల గాబరాపడి నాకు ఫోన్ చేసింది. చివరికి సాయంత్రం నాలుగింటికి ఆయన దగ్గరనుంచి ఒక్క వాక్యం వచ్చింది.

"డాక్టరు షుగరు పరీక్ష రాశాడమ్మా, బుధవారం పరగడుపున వస్తాను, నువ్వే తియ్యాలి."